సిప్ అమ్మేవాళ్లు చూపించే ‘యావరేజ్’ లెక్క: డబ్బు పెట్టేముందు ఇది చదవండి

మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత డబ్బు కట్టే సిప్ మొదలుపెట్టబోతున్నవాళ్లు, ముఖ్యంగా పిల్లల ఫీజుల్లాంటి తేదీ తప్పని అవసరం కోసం పెట్టేవాళ్లు జాగ్రత్తగా ఉండండి. “నెలనెలా కడుతున్నారు కాబట్టి మార్కెట్ పడినా మీకేం కాదు, యావరేజ్ అయిపోతుంది” అని ఎవరైనా అంటే, ఆ మాట రాసి ఇమ్మని అడగండి. మా అక్కకు ఫండ్లు అమ్మే ఒక డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా ఇదే చెప్పి, కొడుకు ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచే డబ్బంతా ఒకే రంగం షేర్లు కొనే థీమాటిక్ ఫండ్‌లో పెట్టించాడు. ఫీజు కట్టాల్సిన సమయానికి చూస్తే, కట్టినదానికన్నా విలువ తక్కువ ఉంది. ఫోన్ చేస్తే “ఇప్పుడే ఇంకొంచెం వెయ్యండి మేడమ్, యావరేజ్ తగ్గుతుంది” అన్నాడు. డబ్బు వెనక్కి కావాలని అడుగుతున్న మనిషితో అనాల్సిన మాటేనా అది?

అక్కను ఒప్పించింది అతను వాట్సాప్‌లో పంపిన ఒక చిన్న పట్టిక. అందులో అంకెలు తప్పేం కాదు, అందుకే అది ప్రమాదం. అదే తరహా లెక్క ఇక్కడ వేసి చూపిస్తాను, నిదానంగా చూడండి.

నెలకు 5,000 రూపాయల చొప్పున ఆరు నెలలు కట్టామనుకుందాం. ఫండ్ ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, వరసగా 50, 40, 25, 20, 25, 40 రూపాయలు. ధర 50 ఉన్నప్పుడు 100 యూనిట్లే వస్తాయి, 20కి పడినప్పుడు అదే డబ్బుకు 250 వస్తాయి. ఆరు నెలలకూ కలిపితే 30,000 రూపాయలకు 1,000 యూనిట్లు. అంటే యూనిట్ మనకు సగటున 30 రూపాయలకు పడింది. ఆ ఆరు ధరల మామూలు సగటు మాత్రం 33 రూపాయల 33 పైసలు. ధర తక్కువున్న నెలలో ఎక్కువ యూనిట్లు, ఎక్కువున్న నెలలో తక్కువ యూనిట్లు కొన్నాం కాబట్టి మన కొనుగోలు ధర ఎప్పుడూ ఆ సగటుకన్నా తక్కువే ఉంటుంది. ఇందులో మాయ లేదు, మోసమూ లేదు. చివరి నెల ధర 40 కాబట్టి మన 30,000 ఇప్పుడు 40,000 అయింది. పట్టిక ఇక్కడితో ముగుస్తుంది, సంతకం పెట్టాల్సిన ఫారం బయటికొస్తుంది.

ఇప్పుడు అవే ఆరు ధరల వరస మార్చండి: 20, 25, 40, 50, 40, 25. యూనిట్లు మళ్లీ 1,000. సగటు కొనుగోలు ధర మళ్లీ 30. ధరల సగటుతో పోలిస్తే యూనిట్‌కు 3 రూపాయల 33 పైసలు ‘మిగిలినట్టే’ ఈసారి కూడా. కానీ చివరి ధర 25. చేతిలో ఉన్నది 25,000. ఐదు వేలు నష్టం.

యావరేజింగ్ రెండు సందర్భాల్లోనూ ఒకేలా పనిచేసింది. లాభమా నష్టమా తేల్చింది మాత్రం మనం అమ్ముకునే రోజు ధర. అమ్మేవాళ్లు మన కొనుగోలు ధరను గడిచిన నెలల సగటుతో పోల్చి చూపిస్తారు. ఆ సగటు ధరకు మన యూనిట్లు కొనేవాడెవడూ ఉండడు, కాబట్టి ఆ తేడా మన జేబులోకి వచ్చేది కాదు. మనం పోల్చుకోవాల్సింది ఈ రోజు ఎన్‌ఏవీతో.

పడి లేచిన కాలాన్నే ఎంచుకుని చూపించడం ఇందులో రెండో సంగతి. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ ఆ అక్టోబరులో 8,000 కిందికి కూడా దిగి, 2010 నవంబరుకు మళ్లీ 21,000 చేరింది. ఆ పతనం పొడవునా సిప్ కట్టినవాళ్లకు మంచి లాభమే వచ్చింది, ఆ ఉదాహరణ నిజమే. మరి 2006 జనవరిలో, సెన్సెక్స్ 9,000 పైన ఉన్నప్పుడు మొదలుపెట్టి, 2008 అక్టోబరు 27న డబ్బు అవసరమైనవాళ్ల సంగతేమిటి? ఆ రోజు సూచీ 8,500 దగ్గర ముగిసింది. దాదాపు మూడేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టినా, దాదాపు ప్రతి వాయిదా నష్టంలోనే ఉంది. ఈ రెండో ఉదాహరణ ఏ పట్టికలోనూ నాకు కనిపించలేదు.

సూచీ అప్పుడు రెండేళ్లలో లేచింది. ఒకే రంగాన్ని నమ్ముకున్న ఫండ్ అలా లేస్తుందని చెప్పలేం, ఆ రంగం మీద మోజు తీరిపోతే చాలా ఏళ్లు అక్కడే ఉండిపోవచ్చు. లేవని ఫండ్‌లో యావరేజ్ చేస్తూ పోవడం అంటే నష్టపోయే యూనిట్లను పోగేసుకోవడమే. అక్కకు పెట్టించింది అలాంటి ఫండ్ కావడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఇంకొకటి, ఎక్కువ ఏళ్లుగా కడుతున్నవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. సిప్ పాతబడేకొద్దీ యావరేజింగ్ బలం తగ్గిపోతుంది. పదేళ్లు నెలకు 5,000 కట్టి 6 లక్షలు పెట్టారు, 20,000 యూనిట్లున్నాయి, సగటు ధర 30 అనుకోండి. ఎన్‌ఏవీ 50 ఉన్నప్పుడు విలువ 10 లక్షలు. అది సగానికి, 25కి పడితే 5 లక్షలు. ఆ నెల మీరు కట్టే 5,000కు 200 యూనిట్లు వస్తాయి. కొత్త సగటు 29 రూపాయల 95 పైసలు. ఐదు లక్షలు కరిగిపోయిన నెలలో యావరేజింగ్ చేసిన సాయం యూనిట్‌కు ఐదు పైసలు. మొదటి ఏడాదిలో పతనం వస్తే సిప్ నిజంగా ఆదుకుంటుంది. చివరి ఏడాదిలో వస్తే, చేతిలో మొత్తం డబ్బు ఒకేసారి పెట్టినవాడికీ మనకూ పెద్ద తేడా ఉండదు.

జీతం నుంచి నెలనెలా మిగిలేది మిగిలినట్టు పెట్టేవాళ్లకు సిప్ మంచి పద్ధతే, నేనూ కడుతున్నాను. దానివల్ల వచ్చేది క్రమశిక్షణ, భద్రత కాదు. ధర నిలకడగా పెరుగుతూ పోతే సిప్‌లో ప్రతి నెలా ముందటికన్నా ఎక్కువ పెట్టే కొంటాం, అప్పుడు ముందే మొత్తం పెట్టినవాడిదే లాభం.

రెగ్యులర్ ప్లాన్‌లో డబ్బు ఉన్నంతకాలం, దాని విలువ మీద డిస్ట్రిబ్యూటర్‌కు కమీషన్ వెళ్తూనే ఉంటుంది. “ఆపకండి, ఇంకా వెయ్యండి” అనే సలహా వినేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచే ఉన్నాయి, ఆ మాట అక్కకు ఎవరూ చెప్పలేదు. చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాదిలోపు అమ్మితే ఎగ్జిట్ లోడ్ అనే కోత ఉంటుందని, సిప్‌లో ఆ ఏడాది ఒక్కో వాయిదాకు విడివిడిగా లెక్కిస్తారని కూడా తన యూనిట్లు అమ్ముకున్న రోజే ఆమెకు తెలిసింది. చివరి పన్నెండు వాయిదాల మీద అదీ పోయింది.

మీ దగ్గరికి పట్టిక వస్తే, అవే ధరలను తిరగేసి చివరి నెల తక్కువ ధరతో లెక్క వేసి చూపించమనండి. ఎన్‌ఏవీ సగటు కాకుండా ఎక్స్ఐఆర్ఆర్, అంటే ఏడాదికి వచ్చిన రాబడి శాతం, ఎంతో అడగండి, అది ఒక్కో వాయిదా ఎన్నాళ్లు ఉందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. నష్టం రాదని రాతపూర్వకంగా హామీ ఇస్తే ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి. రాబడికి హామీ ఇవ్వడం డిస్ట్రిబ్యూటర్లకు నిషిద్ధం, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నడిపే స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయడానికి అది పనికొస్తుంది. అక్క దగ్గర ఉన్నది ఆ పట్టిక ఒక్కటే, మిగతా మాటలన్నీ ఫోన్‌లో అన్నవే.

ఇప్పటికే కడుతూ, రెండు మూడేళ్లలో డబ్బు కావాల్సినవాళ్లు ఉంటే, ఫీజు కట్టే నెల దాకా ఆగకండి. మార్కెట్ బాగున్నప్పుడే కొంచెం కొంచెంగా యూనిట్లు అమ్మి బ్యాంకు డిపాజిట్‌లోకో ధర పెద్దగా ఊగని లిక్విడ్ ఫండ్‌లోకో మార్చడం ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. ఏడాది దాటిన పాత యూనిట్లే ముందు అమ్ముడవుతాయి కాబట్టి వాటివరకు ఎగ్జిట్ లోడ్ కూడా పడదు.