ట్రే డ్రైయర్ కొనేముందు కొటేషన్‌లో లెక్క చూడండి, నేను చూడక మునిగాను

100 కిలోల తడి ముక్కల్ని 80 శాతం తేమ నుంచి 10 శాతానికి నాలుగు గంటల్లో ఆరబెడుతుందని చెప్పి నాకో ట్రే డ్రైయర్ అమ్మారు. హీటర్ 12 కిలోవాట్లు. మొదటి బ్యాచ్‌కి నాలుగు గంటలయ్యాక తూకం వేస్తే 69 కిలోలుంది. ముక్కలు ఇంకా మెత్తగానే ఉన్నాయి. మిషన్ పాడయిందేమోనని టెన్షన్ పడ్డాను. మిషన్ బాగానే ఉంది, తప్పంతా కొటేషన్‌లోనే.

వాళ్లు 80 లోంచి 10 తీసేసి, పోవాల్సిన నీళ్లు 70 కిలోలని రాశారు. కానీ ఆ రెండు శాతాలూ వేర్వేరు బరువుల మీద లెక్కగట్టినవి. ఆరబెట్టేటప్పుడు మారనిది పొడి పదార్థం ఒక్కటే, అది ఇక్కడ 20 కిలోలు. ఆరిన సరుకులో అది 90 శాతం ఉండాలి కాబట్టి చివరి బరువు 20 ÷ 0.9, అంటే 22.2 కిలోలు. పోవాల్సిన నీళ్లు 77.8 కిలోలు. ఎనిమిది కిలోలు తక్కువ రాశారన్నమాట. ఇది చిన్న తప్పే అనుకోండి.

అసలు దెబ్బ వేడి లెక్కలో తగిలింది. 70 కిలోలను 2257 కిలోజౌల్స్‌తో గుణించి, నాలుగు గంటలకు పంచి, 11 కిలోవాట్లు చాలన్నారు. 2257 అనేది 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి పట్టే వేడి. మన ముక్కలు ఆరేది 60 డిగ్రీల లోపే, అక్కడ కిలోకు సుమారు 2360 కావాలి. ముక్కల్ని 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కించడానికి మరో 13 వేల కిలోజౌల్స్ పడుతుంది. దాన్ని వాళ్లు అసలు లెక్కలోకే తీసుకోలేదు. అన్నీ కలిపితే దాదాపు 55 యూనిట్ల కరెంటు.

ఇందులో బయటికి పోయే గాలి పట్టుకెళ్లే వేడి ఇంకా కలవలేదు! నా డ్రైయర్‌లోకి 25 డిగ్రీల గాలి వెళ్లి, 60కి వేడెక్కి, 42 డిగ్రీల దగ్గర బయటికొస్తోంది. 35 డిగ్రీలు ఎక్కించిన గాలి 18 డిగ్రీల వేడే ముక్కలకిచ్చింది, అంటే సగం. కాబట్టి బ్యాచ్‌కి దాదాపు 110 యూనిట్లు కావాలి, 12 కిలోవాట్లతో తొమ్మిది గంటలు. ఈ లెక్కన నాలుగు గంటలకి పోయే నీళ్లు 31 కిలోలే, వంద లోంచి అవి పోతే మిగిలేది నా తూకంలో వచ్చిన 69 కిలోలే. పైగా ముక్క లోపలి తేమ బయటికి రావడం చివర్లో నెమ్మదిస్తుంది కాబట్టి నాకు పదకొండు గంటలు పడుతోంది.

అడిగితే "మా లెక్క థియరీ ప్రకారం కరెక్టే సార్" అన్నారు. కొటేషన్‌లో తేమ శాతం తడి బరువు మీదో పొడి బరువు మీదో, బయటికొచ్చే గాలి ఉష్ణోగ్రత ఎంతో రాసిమ్మనండి. ఆ రెండూ రాసివ్వకపోతే అడ్వాన్స్ కట్టకండి. వాడిన గాలినే మళ్లీ లోపలికి తిప్పే మోడల్ అయితే నష్టం తగ్గుతుంది కానీ, ఎంత గాలి తిప్పుతుందో కూడా అడగండి. నా దాంట్లో గాలిని అలా మళ్లించే డ్యాంపరే లేదు.