చక్రం మీటరా, స్మార్ట్ మీటరా? చూసి చెప్పేయొచ్చు

గాజువాకలో మా పిన్ని వాళ్ళింటి మెట్ల కింద రెండు మీటర్లున్నాయి, డిజిటల్ అంకెలున్నది స్మార్ట్ మీటరేనని పిన్ని గట్టిగా నమ్మింది, కానీ కాదు.

పాతదాంట్లో అద్దం వెనక అల్యూమినియం చక్రం అడ్డంగా తిరుగుతుంటది, అంచున నల్ల గీత ఉంటది, పైన అంకెల డ్రమ్ములు, చివర్లో ఎర్ర అంకె ఉంటే అది యూనిట్‌లో పదో వంతు, రీడింగ్‌లో కలపకండి. నేమ్‌ప్లేట్ మీద rev/kWh అని ఉంటది, అంటే ఒక యూనిట్‌కి చక్రం ఎన్ని చుట్లు తిరుగుతదో.

రెండోదాంట్లో చక్రం లేదు, ఎల్‌సీడీ ఉంది, ఎర్ర లైటు మిణుకుతోంది, imp/kWh అని ఉంది, అంటే ఒక యూనిట్‌కి ఆ లైటు ఎన్నిసార్లు మిణుకుతదో. ఇక్కడే అందరూ పొరపడతారు! మామూలు ఎలక్ట్రానిక్ మీటర్‌కీ ఇవన్నీ ఉంటాయి. అందుకే ప్లేట్ మీద ఐఎస్ నంబర్, అంటే ఏ భారతీయ ప్రమాణం ప్రకారం తయారైందో చెప్పే నంబర్ చూశా, IS 13779 అని ఉంది, అంటే మామూలుదే. స్మార్ట్ అయితే IS 16444 ఉంటది, లోపల కమ్యూనికేషన్ మాడ్యూల్, దూరం నుంచే కరెంట్ ఆపే స్విచ్ ఉంటాయి.

కింద టెర్మినళ్ళతో మాత్రం తేలదు, సింగిల్ ఫేజ్‌లో రెండిటికీ నాలుగే, ఫేజ్ న్యూట్రల్ లోపలికి, బయటికి. దానికోసం సీలున్న మూత అస్సలు తియ్యకండి, లోపల సర్వీస్ వైర్‌లో కరెంట్ ఉంటది, మెయిన్ ఆపినా సరే.