నాన్న చెవి మిషను, అమ్మ పైట: ఫొటో నుంచి కామిక్ చేసే యాప్‌తో ఎనిమిది నెలలు

ఈ ఏఐ యాప్ నాకు నచ్చడానికి కారణం ఒక్కటే. మాటల బుడగకు చోటు అడిగితే నిజంగానే వదులుతుంది. మా అమ్మానాన్నలు అరుగు మీద కూర్చున్న ఒక్క ఫొటో ఇచ్చి నెలకో పేజీ, పేజీకి నాలుగు ప్యానెళ్లు చేసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. బుడగల్లో తెలుగు రాయమంటే మాత్రం అక్షరాల్లాంటి పిచ్చిగీతలు వస్తాయి. అందుకే బొమ్మ ఖాళీగా తీసుకుని, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో మండలి ఫాంటుతో మాటలు నేనే వేస్తాను. వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా వరుసల మధ్య దూరం పెంచాలి కాబట్టి, తెలుగు బుడగకు మనం ముందు అనుకున్నదానికంటే ఎక్కువ ఎత్తు పడుతుంది.

ఉత్తినే "ఖాళీ వదులు" అంటే పని జరగదు. అప్పుడది తెల్లటి బుడగ గీసి అందులో గీతలు నింపుతుంది. ఆ ఖాళీలో ఏముండాలో చెప్పాలి: "పైన మూడో వంతు ఒట్టి సున్నం గోడ, తలలు దాని కిందే." ఇలా చెప్తే పదిలో ఏడెనిమిది సార్లు చక్కగా వస్తుంది.

నా తలనొప్పి అంతా మూడో నెల పేజీతో మొదలైంది. నాన్నకు ఎడమ చెవికి మాత్రమే వినికిడి మిషను ఉంది. ఫొటోలో కనిపించేదీ ఆ చెవే, ఎందుకంటే ఆయన మొహం మనకు ఎడమవైపు తిరిగి ఉంటుంది. ఆ నెల కథలో మాట మొదలుపెట్టేది నాన్న. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ముందు మాట్లాడేవాళ్లు ప్యానెల్లో ఎడమ పక్కన ఉండాలి. ఎడమ పక్కన ఉన్న మనిషి రెండోవారిని చూస్తూ మాట్లాడితే మొహం కుడికి తిరుగుతుంది, అప్పుడు మనకు కనిపించేది కుడి చెవి. ఆ వైపు ఫొటోలో లేనేలేదు. యాప్‌కు తెలిసిందల్లా "ఈయన చెవికి మిషను ఉంటుంది" అన్నదే. కాబట్టి కనిపించిన చెవికి తగిలించేసింది. నేను గమనించలేదు. పేజీ పెట్టిన పది నిమిషాల్లో అక్క అడిగింది: "ఏరా, నాన్నకు రెండో చెవి కూడా పోయిందా?"

సింపుల్ పనే కదా అని ఆ ప్యానెళ్లను అద్దంలోలా తిప్పేశాను. మిషను ఎడమ చెవికి వచ్చేసింది. కానీ నాన్న చొక్కా జేబు కుడివైపుకి, అమ్మ పైట కుడి భుజం మీదికి పోయాయి. పైగా నాన్న కుడి పక్కకు వెళ్లడంతో అమ్మ జవాబు ముందు, నాన్న ప్రశ్న తర్వాత! ఈసారి అడిగింది అమ్మే: "నేనెప్పుడన్నా పైట అలా వేసుకున్నానా?"

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. ముందు ఫొటో నుంచి నాన్న బొమ్మల పట్టీ ఒకటి చేయించాను: ఎదురుగా, ఎడమ, కుడి, వెనక. కుడివైపు బొమ్మలో మిషనును చేత్తో చెరిపేశాను. ప్రతి ప్యానెల్‌కూ ఆ పట్టీ, అసలు ఫొటో రెండూ మళ్లీ ఇస్తాను. అంతకుముందు వచ్చిన ప్యానెల్‌ను మాత్రం నమూనాగా ఇవ్వను. మొదట్లో అలాగే ఇచ్చేవాణ్ని. చిన్న తేడాల మీద తేడాలు పేరుకుని నాలుగో ప్యానెల్‌కి నాన్న మీసం గుబురై, నెరిసిన జుట్టు నల్లబడిపోయేది (ఆయనకు అది నచ్చిందనుకోండి). పట్టీ వచ్చాక మొహాలు బాగా నిలబడ్డాయి. చెవి మాత్రం ఇప్పటికీ నాలుగైదు బొమ్మల్లో ఒకదాంట్లో తప్పుతుంది. పేజీ పెట్టేముందు చెవి, జేబు, పైట ఒకసారి చూసుకుంటాను. కథ ఒప్పుకుంటే అమ్మ చేతే మాట మొదలుపెట్టిస్తాను. మా ఇంట్లో జరిగేదీ అదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

చోటు వదులుతుందని పొగిడాను కదా, అది గోడో ఆకాశమో ఉన్న సీన్ల సంగతి. వంటగది అన్నానంటే పైనంతా డబ్బాలు, గరిటెలు వేలాడదీస్తుంది. ఇంకొకటి, పై మూడో వంతు ఎప్పుడూ ఖాళీ ఉంచడం వల్ల దగ్గర నుంచి మొహం చూపించడం కుదరదు. వరసగా ఎనిమిది పేజీలు చూస్తే అందరూ ఒకే దూరంలో నిలబడి మాట్లాడుకుంటున్నట్టే ఉంటారు.

నెలకు నాలుగు ప్యానెళ్లు, చదివేది ఇంటివాళ్లు, తప్పొస్తే చెరిపి దిద్దుకునే ఓపిక ఉంది కాబట్టి నాకు సరిపోయింది. ఇరవై పేజీల కథ వేసేవాళ్లకు, లేదా ఒక పక్కనే గుర్తు ఉన్న మనిషిని పదేపదే గీయించాల్సినవాళ్లకు ఇంతే నమ్మకంగా చెప్పలేను. వచ్చే నెల కథలో నాన్నే గొడవ మొదలుపెట్టాలి. నిన్న ఆయన్ని కుడివైపు నుంచి ఇంకో ఫొటో తీసుకొచ్చాను.