ఆఫీసులో కులం పేరుతో అవమానిస్తే: అట్రాసిటీ కేసా, కమిషనా?

"మా ఆఫీసర్ కులం పేరు ఎత్తి తిట్టాడు. స్టేషన్‌కి వెళ్లాలా, ఎస్సీ కమిషన్‌కి రాయాలా?" ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. నా ఉద్దేశంలో దీన్ని తేల్చేది ఒక్కటే: ఆ మాట ఇంకెవరు విన్నారు?

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో కులం పేరుతో దూషించడం, అవమానించడం నేరమే. కానీ అది నలుగురూ చూసే, వినే చోట జరగాలి. తమిళనాడులో ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని పని మీద వచ్చిన మనిషి కులం పేరుతో తిట్టాడన్న కేసును 2025 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కారణం, అది ఆయన గది నాలుగు గోడల మధ్య జరిగింది, తోటి ఉద్యోగులు ఆ తర్వాతే వచ్చారు. విన్నవాళ్లు మన స్నేహితులు, బంధువులు మాత్రమే అయినా చాలదని అంతకుముందే తీర్పులున్నాయి.

మా బంధువుల అమ్మాయికి రెండుసార్లు ఇలా జరిగింది. మొదటిసారి తలుపు వేసిన క్యాబిన్‌లో, ఇద్దరే ఉన్నప్పుడు. రెండోసారి భోజనాల గదిలో, టిఫిన్ బాక్స్ తెరిచి కూర్చున్నప్పుడు. అక్కడ వేరే సెక్షన్ వాళ్లు ముగ్గురు, నీళ్ల క్యాన్ తెచ్చిన అబ్బాయి ఉన్నారు. ఫిర్యాదులో రెండో సంఘటననే ముందు పెట్టమన్నాను. తేదీ, టైమ్, అన్న మాట అన్నట్టుగానే, విన్నవాళ్ల పేర్లు రాసింది. మొదటిది నేపథ్యంగా కింద వచ్చింది.

"ముందు విచారణ చేసి చూస్తాం" అని స్టేషన్‌లో తిప్పి పంపితే ఒప్పుకోవద్దు. 2018 సవరణ తర్వాత ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. అయినా తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీకి, సిటీలో అయితే కమిషనర్‌కి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. ఎస్ఐ ఒక్కడే చేసి ముగిస్తే తర్వాత కోర్టులో కేసు బలహీనపడుతుంది.

మాట ఎవరూ వినకపోయినా, ప్రమోషన్ ఆపారు, పనితీరు రిపోర్టు పాడుచేశారు అన్నప్పుడు జాతీయ ఎస్సీ కమిషనే దారి. ఎస్టీలకు వేరే కమిషన్ ఉంది. సివిల్ కోర్టులా అధికారులను, ఫైళ్లను పిలిపించే అధికారం కమిషన్‌కి ఉంది. ప్రభుత్వ ఆఫీసుల్లో, ప్రభుత్వ బ్యాంకుల్లో ఆ పిలుపుకే ఫైలు కదులుతుంది. కానీ చివరకు ఇచ్చేది సిఫార్సే, స్టే ఇవ్వలేదు. కోర్టులో నడుస్తున్న విషయం జోలికి కూడా రాదు, కాబట్టి అక్కడికి వెళ్లాలంటే ముందే వెళ్లాలి.

ఇక హెచ్ఆర్. లైంగిక వేధింపులకు ఉన్నట్టు కుల వేధింపులకు కమిటీ పెట్టి తీరాలన్న చట్టం ప్రైవేటు కంపెనీల మీద లేదు. అయినా ఒక మెయిల్ పెట్టి, కాపీ సొంత మెయిల్‌కి పంపుకోండి, తేదీకి రుజువుగా ఉంటుంది.

సాక్షులున్నారంటే నేను అట్రాసిటీ కేసు వైపే. ఆ అమ్మాయీ అదే చేసింది. ముగ్గురిలో ఇద్దరు స్టేట్‌మెంట్ ఇచ్చారు. మూడో ఆవిడ ట్రాన్స్‌ఫర్ టెన్షన్‌తో వెనక్కి తగ్గింది. నీళ్ల క్యాన్ అబ్బాయి మాత్రం మొదటి రోజే వచ్చి చెప్పాడు.