మొదటి ఫోర్‌హ్యాండ్‌కి ఏది మేలు: పెద్ద కోర్టులో పసుపు బంతా, చిన్న కోర్టులో ఎర్ర బంతా?

వేసవి సెలవులు ఇవ్వగానే విశాఖలో టెన్నిస్ కోర్టులకు కొత్త పిల్లలు వస్తారు. వాళ్లను దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు మొదటి వారంలోనే అడిగే మాట ఒకటుంది. “ఈ మెత్తటి బంతులేంటి సార్? మావాడికి అసలు టెన్నిస్ ఎప్పుడు మొదలుపెడతారు?” న్యాయమైన ప్రశ్నే. టీవీలో చూసేది పెద్ద కోర్టు, పసుపు బంతి. ఇక్కడేమో పిల్లలు కోర్టుకి అడ్డంగా నిలబడి, ఎర్ర బంతిని నెమ్మదిగా అటూ ఇటూ కొడుతుంటారు. ఫీజు కట్టేవాళ్లకు అనుమానం రావడం సహజం.

ఆరేడేళ్ల పిల్లలకు ఫోర్‌హ్యాండ్, అంటే రాకెట్ పట్టిన చేతి వైపు వచ్చే బంతిని కొట్టే దెబ్బ, నేర్పేటప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. మొదటిది పెద్ద కోర్టు, మామూలు పసుపు బంతి. రెండోది చిన్న కోర్టు, గాలి తగ్గిన పాత పసుపు బంతులు. మూడోది చిన్న కోర్టు, ఎర్ర బంతి. నా ఓటు మూడోదానికే. కానీ దానికీ కొన్ని లోపాలున్నాయి, అవి తెలియకుండా వాడితే ఆ మేలు దక్కదు.

ముందు బంతి సంగతి చూద్దాం. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే పసుపు బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. ఎర్ర బంతి 90 నుంచి 105 దగ్గరే ఆగుతుంది. ఏడేళ్ల పాప ఎత్తు దాదాపు నాలుగడుగులు, నడుము రెండున్నర అడుగుల లోపే. నెట్‌కి అవతలి నుంచి కోచ్ ఫీడ్ చేసిన, అంటే కొట్టడానికి వీలుగా అందించిన పసుపు బంతి మన సిమెంట్ కోర్టు మీద పడి లేచేసరికి ఆ పాప భుజం దగ్గర, ఒక్కోసారి తల దగ్గర ఉంటుంది. మనం నేర్పాలనుకున్న ఫోర్‌హ్యాండ్‌లో బంతి తగలాల్సింది నడుము ఎత్తులో, ముందు కాలికి కాస్త ముందు. భుజం ఎత్తులో వచ్చే బంతిని అలా కొట్టడం పిల్లల చేతుల్లో లేదు.

అప్పుడు ఏమవుతుందో దగ్గర నుంచి చూడాలి. పాపకి గ్రిప్ సరిగ్గానే పెట్టించి ఉంటాం. రాకెట్‌తో షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు, అరచేయి హ్యాండిల్‌కి వెనక పక్కన ఉంటుంది. నాలుగు బంతులు భుజం మీదికి వచ్చాక, ఎవరూ చెప్పకుండానే ఆ అరచేయి హ్యాండిల్ కిందికి జారిపోతుంది. ఎందుకంటే పైన ఉన్న బంతికి రాకెట్ ముఖాన్ని నిలువుగా చూపించడానికి అదొక్కటే సులువైన మార్గం. దాంతో పాటు నడుము వెనక్కి వంగుతుంది, బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది. పాప తప్పు చేస్తోందని అనిపిస్తుంది గానీ, నిజానికి ఆ బంతికి తన ఎత్తులో అంతకన్నా మంచి జవాబు లేదు. ఆ అలవాటు చేతికి ఎక్కితే తర్వాత మాన్పించడానికి చాలా రోజులు పడుతుంది.

పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నిబంధనే పెట్టింది. అనుమానపడే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది ఇదే.

ఇక కోర్టు. పెద్ద కోర్టు పొడవు 78 అడుగులు, డబుల్స్ గీతలతో కలిపి వెడల్పు 36 అడుగులు. ఎర్ర బంతికి కావాల్సిన చిన్న కోర్టు పొడవు కూడా సరిగ్గా 36 అడుగులే. అంటే ఒక పక్క డబుల్స్ గీత నుంచి రెండో పక్క డబుల్స్ గీత దాకా అడ్డంగా ఆడితే, గీత గీయాల్సిన పని లేకుండా చిన్న కోర్టు తయారైపోతుంది. వెడల్పు 18 నుంచి 20 అడుగులు చాలు కాబట్టి ఒక పెద్ద కోర్టులో నాలుగు చిన్నవి పడతాయి. నెట్ ఎత్తు 80 సెంటీమీటర్లు. తాడో, రిబ్బనో కట్టినా సరిపోతుంది.

పన్నెండు మంది పిల్లలున్న బ్యాచ్‌ని తీసుకుని లెక్క వేద్దాం. పెద్ద కోర్టులో అందరూ వరుసలో నిలబడతారు, కోచ్ బుట్టలోంచి ఫీడ్ చేస్తాడు. నాలుగు సెకన్లకు ఒక బంతి అనుకుంటే నిమిషానికి పదిహేను. అరగంటకి 450, తలకి 37 బంతులు. ఏరుకోవడానికి పట్టే సమయం ఇందులో కలపలేదు. అదే నాలుగు చిన్న కోర్టుల్లో ముగ్గురేసి ఉంటే, ఇద్దరు ఆడతారు, ఒకరు లెక్కపెడతారు. అరగంటలో ప్రతి ఒక్కరికీ ఇరవై నిమిషాలు ఆట వస్తుంది. అందులో సగం బంతుల వెంట పరిగెత్తడానికే పోయినా, మిగిలిన పది నిమిషాల్లో ఇద్దరూ కలిసి 150 సార్లు, ఒక్కొక్కరు 75 సార్లు కొడతారు. పైగా ఇవి కోచ్ చేతిలోంచి ఒకే చోటికి వచ్చే బంతులు కావు. ఎదుటివాడు కొట్టిన బంతి ఎక్కడ పడుతుందో చూసి, అక్కడికి వెళ్లి, ఆగి కొట్టాలి. ఫోర్‌హ్యాండ్‌లో సగం పని కాళ్లదీ కళ్లదీ. వరుసలో నిలబడితే అది రాదు.

రెండో దారికి వద్దాం. ఎర్ర బంతులు ఖరీదనీ, అన్ని షాపుల్లో దొరకవనీ చాలామంది పాత పసుపు బంతులతో సర్దుకుంటారు. పెద్ద కోర్టు కన్నా ఇది తప్పకుండా మేలు, ఎందుకంటే కనీసం దూరం తగ్గింది. కానీ డబ్బా తెరిచాక పసుపు బంతిలో గాలి ఒక్కో బంతికి ఒక్కో తీరులో తగ్గుతుంది. ఒకటి మోకాలి దగ్గర ఆగితే పక్కది ఛాతీ దాకా లేస్తుంది. బంతి ఎక్కడికి లేస్తుందో అంచనా వేయడం నేర్చుకోవాల్సిన పిల్లవాడికి ఇది పెద్ద ఇబ్బంది. బరువు కూడా తగ్గదు, కాబట్టి ఆలస్యంగా తగిలితే మణికట్టు వెనక్కి పోతుంది. పాత బంతులే వాడాల్సి వస్తే అన్నిటినీ మీ ఛాతీ ఎత్తు నుంచి వదిలి చూసి, ఒకే ఎత్తుకి లేచేవాటిని ఒక బుట్టలో వేసుకోండి. అయిదడుగుల నుంచి వదిలితే రెండడుగుల దగ్గర ఆగేవి చిన్నపిల్లలకు పనికొస్తాయి.

ఎర్ర బంతుల్లో కూడా రెండు రకాలున్నాయి, మన ఊళ్లో ఆ తేడా ముఖ్యం. స్పాంజి రకం తేలిక. హాల్లో అయితే అయిదేళ్ల పిల్లలకు అంతకన్నా మంచిది లేదు. కానీ మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మొదలయ్యే విశాఖలో, బీచ్‌కి దగ్గరున్న కోర్టు మీద సాయంత్రం అయిదింటికి స్పాంజి బంతి చెప్పిన మాట వినదు. బయట ఆడేవాళ్లు పసుపు బంతిలా పైన నూగు ఉన్న ఎర్ర బంతే కొనాలి. ఆ గాలిని మనకు అనుకూలంగా కూడా వాడుకోవచ్చు. భయపడుతూ మెల్లగా తట్టే పిల్లవాడిని గాలికి ఎదురుగా నిలబెట్టండి. వాడు గట్టిగా ఊపినా బంతి బయటికి పోదు, ధైర్యం వస్తుంది. పదేసి నిమిషాలకు పక్కలు మార్చాలి, లేకపోతే రెండో వైపు వాళ్లు తట్టడానికే అలవాటు పడతారు.

చిన్న కోర్టుకున్న అసలు లోపం ఆ తట్టడమే. దూరం తక్కువ కాబట్టి రాకెట్ ఊపకుండా, బంతికి అడ్డం పెట్టి తోసినా నెట్ దాటుతుంది. ర్యాలీ బాగానే సాగుతున్నట్టు కనిపిస్తుంది, కానీ పిల్లవాడు నేర్చుకుంటున్నది ఫోర్‌హ్యాండ్ కాదు. దీన్ని పట్టుకోవడానికి బంతిని చూడకండి, తగిలిన తర్వాత రాకెట్ ఎక్కడ ఆగిందో చూడండి. ఛాతీ ముందే ఆగిపోతే తోస్తున్నాడని అర్థం. “కొట్టాక రాకెట్‌ని ఎడమ భుజం మీద ఎడమ చేత్తో పట్టుకో నాన్నా” అంటే చాలు. కుడిచేతి వాటం పిల్లలు చాలామంది ఈ ఒక్క మాటతో కింది నుంచి పైకి పూర్తిగా ఊపడం మొదలుపెడతారు.

టార్గెట్ల విషయంలోనూ ఇదే పోలిక వస్తుంది. చాలాచోట్ల గీత మూలన ఒక కోన్ పెట్టి దానికి కొట్టమంటారు. కొత్తవాళ్లకు అది తగలదు. తగలనప్పుడు బంతి మీదుండాల్సిన చూపు కోన్ మీదికి పోతుంది, తల ముందే లేస్తుంది, రాకెట్‌తో బంతిని మళ్లించే ప్రయత్నం మొదలవుతుంది. దానికన్నా సుద్దతో ఆరడుగుల గడి గీయడం మేలు. ఆ గడి నెట్ దగ్గర కాదు, వెనక గీతకు ఆనుకుని ఉండాలి. అప్పుడు తోసిన బంతి అక్కడికి చేరదు, ఊపితేనే చేరుతుంది. నోటితో చెప్పాల్సిన దాన్ని గడే చెప్పేస్తుంది. పదిలో ఆరు పడుతుంటే గడిని కొంచెం తగ్గించండి. మూడుకి మించి పడకపోతే పెంచండి.

అయితే అన్నిటికన్నా ముందు పెట్టాల్సిన టార్గెట్ నేల మీద కాదు, నెట్ పైన. నెట్‌కి ఒక రాకెట్ పొడవు పైనుంచి బంతి వెళ్లాలి. కొత్తవాళ్ల బంతుల్లో ఎక్కువ నెట్‌లోనే పోతాయి కాబట్టి, ముందు ఎత్తు కుదరాలి, తర్వాతే దూరం, ఆ తర్వాతే దిశ.

కోర్టు దొరకని కాలనీ వాళ్లకు ఒక దారుంది. అపార్ట్‌మెంట్ కిందో, పార్కులోనో ఉండే బ్యాడ్మింటన్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. డబుల్స్ సర్వీసుకి వెనక ఉండే గీతల మధ్య దూరం 39 అడుగులు. ఆ గీతకు అడుగున్నర లోపల రెండు వైపులా సుద్దగీత గీస్తే సరిగ్గా 36 అడుగులు వస్తాయి. బ్యాడ్మింటన్ నెట్ విప్పేసి, అవే స్తంభాలకు 80 సెంటీమీటర్ల ఎత్తున తాడు కట్టి, దానికి పాత చున్నీ వేలాడదీస్తే నెట్ సిద్ధం.

పెద్దవాళ్లకు మాత్రం ఈ తీర్పు మారుతుంది. ముప్పై అయిదేళ్లకు రాకెట్ పట్టినవాళ్లకు ఎర్ర బంతి మోకాళ్ల దగ్గరే ఆగుతుంది. ప్రతి బంతికీ వంగాలి, ఊపు సహజంగా రాదు. వాళ్లకు ఎర్ర బంతికీ పసుపు బంతికీ మధ్య రకమైన ఆరెంజ్ బంతి ఇచ్చి, పెద్ద కోర్టులోనే సర్వీస్ గీత నుంచి సర్వీస్ గీత దాకా ఆడించడం మేలు. అది 42 అడుగులు. కుదిరాక ఒక్కో అడుగూ వెనక్కి జరగొచ్చు.

పిల్లలను ఎర్ర బంతి దగ్గర ఎన్నాళ్లు ఉంచాలన్నది క్యాలెండర్ చూసి తేల్చకండి. ఇద్దరూ రాకెట్‌ని భుజం దాకా తెస్తూ పది బంతుల ర్యాలీ ఆడగలుగుతున్నారా, పూర్తిగా ఊపితే బంతి 36 అడుగులు దాటి పోతోందా, ఈ రెండూ చూడండి. రెండూ కనిపిస్తే ఆరెంజ్ బంతి, 60 అడుగుల కోర్టు ఇవ్వండి. రెండోది మాత్రమే కనిపిస్తే, అంటే ర్యాలీ నిలవకుండా బంతి ఊరికే బయటికి పోతుంటే, సాధారణంగా రాకెట్ ముఖం ఆకాశం వైపు తెరుచుకుంటోందని అర్థం. ఎర్ర బంతితోనే ఉంచి, గ్రిప్ మళ్లీ చూడండి.