ఆఫర్ వద్దనే ఈమెయిల్‌లో కారణం రాయాలా, వద్దా?

ఒంగోలులోని ఒక అకౌంటెంట్‌కు చెన్నై కంపెనీ ఆఫర్ లెటర్ పంపింది. తండ్రికి వారంలో మూడుసార్లు డయాలసిస్. ఊరు వదలలేడు.

శ్రమ: కారణం లేకుండా రాస్తే మూడు వాక్యాలు చాలు. కారణం రాయాలంటే ఆలోచించాలి, అయినా ఒక్క వాక్యం మించకూడదు.

రిక్రూటర్‌కు ఉపయోగం: మిమ్మల్ని ఎంపిక చేసిన మేనేజర్‌కు ఆమె జవాబు చెప్పుకోవాలి. కారణం తెలిస్తే ఆ పని సులువవుతుంది. మీ పేరు పక్కన ‘ఒంగోలులో పని అయితే చేస్తారు’ అని రాసుకోగలదు. ఉత్త ‘వద్దు’తో ఆమెకు ఏమీ మిగలదు.

ప్రమాదం: జీతం తక్కువని రాస్తే బేరానికి పిలిచినట్టే. ఆమె పైవాళ్లను ఒప్పించి పెంచాక మళ్లీ కాదంటే మనసు విరుగుతుంది.

అతను ఇలా రాయవచ్చు: “మేడమ్, ఇంటర్వ్యూ తేదీని నా కోసం మార్చినందుకు కృతజ్ఞతలు. నాన్నగారి వైద్యం వల్ల ఒంగోలు వదలలేను కాబట్టి ఈ ఆఫర్‌ను అంగీకరించలేకపోతున్నాను. ఇక్కడి నుంచే చేసే పని ఉంటే తప్పక చెప్పండి.”

ఊరు, కుటుంబం, పని స్వభావం వంటి మారని కారణమైతే రాయండి. జీతమో, అక్కడి మేనేజర్ తీరో నచ్చకపోతే కృతజ్ఞతతో ఆపండి. ఏదైనా ఆఫర్ గడువుకు ముందే, పాత ఈమెయిల్‌కే జవాబుగా పంపండి. రెండో అభ్యర్థిని పిలిచే వ్యవధి ఆమెకు దొరుకుతుంది.