కాపర్ ట్యూబ్ హీట్ ఎక్స్‌ఛేంజర్ రిగ్గు, మూడేళ్ల వాడకం తర్వాత: చన్నీళ్లు వేణ్నీళ్లను దాటేసే చోటు

ఈ రిగ్గులో మాకు అన్నిటికన్నా నచ్చింది ఒకే ఒక్క దృశ్యం. రెండు నీళ్లూ ఎదురెదురుగా పారే కౌంటర్ ఫ్లోలో పెట్టి పది నిమిషాలు ఆగితే, బయటికొచ్చే చన్నీళ్లు 46.0 డిగ్రీలు, బయటికొచ్చే వేణ్నీళ్లు 41.8 డిగ్రీలు చూపిస్తాయి. వేడిచ్చినవి చల్లబడిపోయి, వేడి పుచ్చుకున్నవి వాటికంటే నాలుగు డిగ్రీలు పైకెళ్లాయన్నమాట. వాల్వులు తిప్పి, రెండూ ఒకే దిశలో పారే పారలల్ ఫ్లోలోకి మారిస్తే వేణ్నీళ్లు 45.2 దగ్గర, చన్నీళ్లు 42.6 దగ్గర ఆగిపోతాయి. ఇక ఎంతసేపు నిలబడినా ఈ రెండూ ఒకదాన్నొకటి దాటవు. రెండు పద్ధతుల తేడా పిల్లలకు అర్థం కావడానికి ఇంతకన్నా సూటైన దారి మాకు దొరకలేదు.

ఇది ఎందుకు గొప్పో తెలియాలంటే చాలా కాలేజీ ల్యాబుల్లో ఉండే రకం రిగ్గును గుర్తు చేసుకోవాలి. మీటరున్నర పొడవు, లోపల అరంగుళం రాగి గొట్టం, బయట అంగుళం జీఐ పైపు. గొట్టం చుట్టూ ఉన్న ఖాళీ మరీ వెడల్పు కాబట్టి చన్నీళ్లు అందులో నెమ్మదిగా, పొరలు కలవకుండా జారిపోతాయి. రాగి గోడ దగ్గర వేడి అందుకునే నీళ్లు తక్కువ, పొడవూ చాలదు. వేడిని దాటించే గొట్టం సామర్థ్యానికీ, పారే నీళ్లు వేడి మోసే సామర్థ్యానికీ ఉన్న నిష్పత్తే ఎన్‌టీయూ. ఆ రిగ్గులో అది 0.2 చుట్టుపక్కలే తిరుగుతుంది. సాధ్యమైన గరిష్ఠ వేడిలో నిజంగా చేతులు మారిన వాటా ఎఫెక్టివ్‌నెస్, అదే ε. రెండు వైపులా ప్రవాహం సమానంగా ఉన్నప్పుడు సూత్రాలు ఇవి:

```
పారలల్:  ε = (1 − e^(−2·NTU)) / 2
కౌంటర్:  ε = NTU / (1 + NTU)
```

0.2 పెట్టి చూస్తే ఒకటి 0.165, ఇంకొకటి 0.167. నీళ్లు 60 దగ్గర, 28 దగ్గర లోపలికి వెళ్తుంటే ఈ తేడా థర్మామీటరు మీద డిగ్రీలో పదో వంతు కూడా కాదు. డిగ్రీకో గీత ఉన్న థర్మామీటరుతో అది కనబడే ప్రసక్తే లేదు. అయినా రికార్డు పుస్తకాల్లో ఏళ్లుగా "కౌంటర్ ఫ్లో మెరుగు" అన్న ఫలితమే వస్తోందంటే, పిల్లలు అంకెల్ని ముందే తెలిసిన జవాబు వైపు నెట్టుతున్నారనే అర్థం. తప్పు వాళ్లది కాదు, రిగ్గుది.

మేము వాడుతున్నది స్థానిక వర్క్‌షాపులో చేయించినది. ఏసీ మెకానిక్కులు వాడే 3/8 అంగుళం సాఫ్ట్ కాపర్ గొట్టాన్ని 5/8 అంగుళం రాగి గొట్టంలో దూర్చి, మీటరున్నర చొప్పున నాలుగు మడతలు పెట్టారు. మొత్తం ఆరు మీటర్లు. మధ్య ఖాళీ చుట్టూ సుమారు 2.4 మిల్లీమీటర్లే. ఆ ఇరుకు, ఆ పొడవు, ఈ రెండే పని చేశాయి. రెండు వైపులా నిమిషానికి ఒక కిలో నీళ్లు పంపితే పారలల్‌లో ఎఫెక్టివ్‌నెస్ 0.46, కౌంటర్‌లో 0.57 వస్తున్నాయి. రెండు అంకెల్నీ సూత్రాల్లో వెనక్కి నడిపిస్తే ఎన్‌టీయూ ఒకటే తేలుతుంది, 1.3 దగ్గర. వేర్వేరు దిశల్లో తీసిన రెండు రీడింగులు ఒకే ఎన్‌టీయూ దగ్గర కలుసుకోవడమే ఆ రోజు ప్రయోగం సరిగ్గా జరిగిందనడానికి గుర్తు.

సమాన ప్రవాహాల దగ్గర 0.5 అనేది ఒక గోడ లాంటిది. పారలల్ ఫ్లో ఎంత పొడవు పెంచినా ఆ గోడ దాటలేదు. రెండు నీళ్లూ ఒకే కొసకు చేరతాయి కాబట్టి వాటి ఉష్ణోగ్రతలు మధ్యలో ఎక్కడో కలిసిపోవాల్సిందే. కౌంటర్ మాత్రం ఎన్‌టీయూ 1 దాటగానే ఆ గోడ అవతలికి వెళ్తుంది. చన్నీళ్లు వేణ్నీళ్లను దాటడం మొదలయ్యేదీ సరిగ్గా అక్కడే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వేడి బాగా లాగాలని చన్నీళ్ల వాల్వు పూర్తిగా తిప్పేస్తారు. చన్నీళ్లు మూడు కిలోలు, వేణ్నీళ్లు ఒక కిలో అయ్యాయనుకోండి, ఎన్‌టీయూ 1.5 అనుకుని లెక్కేస్తే పారలల్ 0.65, కౌంటర్ 0.72. రెండూ పెరిగాయి, పిల్లలు సంతోషిస్తారు. కానీ కౌంటర్‌లో వేణ్నీళ్లు 37 దగ్గర, చన్నీళ్లు 35.7 దగ్గర బయటికొస్తాయి. దాటడం లేదు! ఒకవైపు నీళ్లు మరీ ఎక్కువైతే వాటి ఉష్ణోగ్రత పెద్దగా మారదు. మారనప్పుడు అవి ఏ కొస నుంచి వచ్చినా ఒకటే. అందుకే రెండు ప్రవాహాలూ సమానంగా ఉన్నాయో లేదో చూడటానికి మేము రొటామీటరు మీద ఆధారపడం. రెండు డ్రెయిన్ల కింద బకెట్లు పెట్టి నిమిషం పట్టి కాటా మీద తూస్తాం. తూకమైతే 60 డిగ్రీల నీళ్ల సాంద్రత తగ్గుదల గొడవ కూడా ఉండదు. రెండు తూకాల మధ్య తేడా 20 గ్రాములు దాటితే మళ్లీ సర్దాలి.

ఇక మొరాయించిన సంగతి. రెండో ఏడాది మధ్యలో కౌంటర్ ఎఫెక్టివ్‌నెస్ 0.57 నుంచి 0.50కి పడిపోయింది. వేణ్నీళ్లు 43.9, చన్నీళ్లు 44.1. దాటడమన్నది దాదాపు మాయం. బోరు నీళ్లు కదా, గారపట్టిందని అందరి అనుమానం. గోరువెచ్చని నీళ్లలో 5 శాతం సిట్రిక్ యాసిడ్ కలిపి అరగంట తిప్పారు. పచ్చగా కొంత మురికి వచ్చింది, అంకెలు మాత్రం కదల్లేదు. వేణ్నీళ్లు పోగొట్టుకున్న వేడి, చన్నీళ్లు అందుకున్న వేడి రెండూ 1.12 కిలోవాట్ల దగ్గర చక్కగా సరిపోతున్నాయి కాబట్టి కొలతల్ని ఎవరూ శంకించలేదు.

అసలు ఆచూకీ పారలల్ రీడింగులో ఉంది. అది 0.46 దగ్గరే కదలకుండా నిలిచింది. గారే కారణమైతే పారలల్ కూడా తగ్గి తీరాలి. ఒక దిశలోనే తేడా వస్తోందంటే తప్పు గొట్టంలో కాదు, దిశ మార్చే వాల్వుల్లో ఉండాలి.

దిశ మార్చడానికి నాలుగు బాల్ వాల్వులున్నాయి. వేణ్నీళ్లు వచ్చే కొసను ఎ, అవతలి కొసను బి అనుకుందాం. ఒకటో వాల్వు పంపు నుంచి ఎ కొసకు, రెండోది పంపు నుంచి బి కొసకు, మూడోది ఎ నుంచి డ్రెయిన్‌కు, నాలుగోది బి నుంచి డ్రెయిన్‌కు. పారలల్‌కు ఒకటీ నాలుగూ తెరుస్తాం, కౌంటర్‌కు రెండూ మూడూ. కౌంటర్‌లో మూసి ఉండాల్సిన ఒకటో వాల్వు కొద్దిగా వదులుతోంది. ఆ నీళ్లు గొట్టంలోకి వెళ్లకుండా ఎ కొస దగ్గరి టీ జాయింటులోంచి నేరుగా డ్రెయిన్‌లో పడుతున్నాయి. బకెట్లో కిలో పడుతోంది, కానీ ఆరు మీటర్లు నడిచి వచ్చింది ముప్పావు కిలోయే.

మరి వేడి లెక్క ఎలా సరిపోయింది? వర్క్‌షాపు వాళ్లు చన్నీళ్ల సెన్సరును టీ దాటాక, డ్రెయిన్ పైపులో బిగించారు. పక్కదారి నీళ్లు కూడా కలిశాక కొలుస్తోంది కాబట్టి మొత్తం నీళ్లకు మొత్తం వేడి సరిగ్గానే వస్తుంది. లీకు ఆ సగటులో దాక్కుంది. సెన్సరును టీ ముందుకు, గొట్టం మూతి దగ్గరికి మార్చగానే చన్నీళ్లు 49.4 చూపించాయి. కిలో నీళ్లుగా లెక్కేస్తే 1.49 కిలోవాట్లు అందుకున్నట్టు. వేణ్నీళ్లు ఇచ్చింది 1.12 మాత్రమే. ఇచ్చిన దానికన్నా మూడో వంతు ఎక్కువ పుచ్చుకోవడం కుదరని పని, కనుక గొట్టంలో పారే నీళ్లు మనం తూచిన దానికన్నా తక్కువన్న మాట.

నిర్ధారించుకోవడం తేలిక. ఒకటి, రెండు, నాలుగు మూసి మూడోది మాత్రం తెరిచి పంపు వేయాలి. డ్రెయిన్ పొడిగా ఉండాలి. నిమిషానికి పావు కిలో చొప్పున కారింది. విప్పి చూస్తే బంతి కింద తెల్లటి సీటు మీద, అడ్డంగా గోరు పట్టేంత గాడి. గారపెచ్చు ఇరుక్కున్నప్పుడు వాల్వు తిప్పితే పడేది అదే. నాలుగోదాన్ని పరీక్షించాలంటే రెండోది తెరిచి మిగతా మూడూ మూయాలి. కొత్త వాల్వు వేశాక పంపు తర్వాత పెచ్చుల్ని ఆపే వై-స్ట్రెయినరు బిగించాం. అప్పటి నుంచి ప్రతి సెమిస్టరు మొదట్లో ఈ పరీక్ష చేస్తున్నాం, ఐదు నిమిషాల పని. రిగ్గు చేయించేవాళ్లు సెన్సర్లన్నీ గొట్టం మూతుల దగ్గరే పెట్టమని ముందే పట్టుబట్టండి.

మొదట చెప్పిన మెచ్చుకోలుకు కొన్ని షరతులున్నాయి. ఆ 46.0, 41.8 అంకెలు లోపలికొచ్చే చన్నీళ్లు 28 దగ్గర ఉన్నప్పటివి. ఏప్రిల్ మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లే 36 దగ్గర వస్తే, 32 డిగ్రీల తేడా 24కి పడిపోతుంది, దాటడం మూడు డిగ్రీల దగ్గరికి తగ్గుతుంది. ఎఫెక్టివ్‌నెస్ పెద్దగా మారదు గానీ, కంటికి కనిపించే తేడా చిక్కిపోతుంది. వేసవిలో మేము దీన్ని పొద్దున బ్యాచీకే పెడుతున్నాం.

వేణ్నీళ్లకు ఇన్‌స్టంట్ గీజరు పనికిరాదు. 3 కిలోవాట్ల గీజరులో నిమిషానికి కిలో నీళ్లు పంపితే 43 డిగ్రీలు పెరుగుతాయి. 70 దాటి థర్మోస్టాట్ కట్టేస్తుంది, మళ్లీ వేస్తుంది, రీడింగు నిలవదు. హీటరూ చిన్న పంపూ ఉన్న 15 లీటర్ల తొట్టి కావాలి. మా దాంతో వచ్చిన హీటరు ఒక కిలోవాటుది. పారలల్‌లో గొట్టం లాగే వేడి 1.03 కిలోవాట్లు, కౌంటర్‌లో 1.27. తొట్టి మెల్లగా చల్లబడిపోతూ ఉండేది. 2 కిలోవాట్లది వేయించాక నిలకడ వచ్చింది.

బ్యాచీకి ఇరవై మంది లోపు ఉండి, ప్రతి దిశకూ పది నిమిషాలు ఆగే తీరిక ఉంటే ఇలాంటిది చేయించుకోవచ్చు. సిలబస్‌లో ఉన్న ప్రయోగం ముగించి సంతకం పెట్టించుకోవడమే పనైతే, పాత మీటరున్నర రిగ్గుతోనూ ఓవరాల్ కోఎఫిషియెంటు లెక్క జరిగిపోతుంది. దాంతో పోలిక మాత్రం అడగొద్దు. బోరు నీళ్లు మరీ కఠినంగా ఉండే ఊళ్లలో ఈ ఇరుకు ఖాళీ ఎన్నాళ్లు శుభ్రంగా ఉంటుందో మా అనుభవంతో చెప్పడం కష్టం. మా దగ్గర ఏడాదికోసారి సిట్రిక్ యాసిడ్‌తో కడిగితే సరిపోతోంది.